సాక్షిగా రమ్మన్న కోర్టు కాగితం: కూలిపని చేసుకునే మనిషికి దాన్ని ఎలా చదివి వినిపించాలి

పలాస దగ్గరి ఒక ఊరి నుంచి విజయవాడకు తాపీ పనికి వెళ్లిన ఒకతన్ని ఊహించుకుందాం. అతను పనిచేస్తున్న అపార్ట్‌మెంటు ముందు ఒక రాత్రి లారీ మోటార్‌సైకిల్‌ను గుద్దింది. బండి మీదున్న మనిషి అక్కడికక్కడే చనిపోయాడు. పోలీసులు వచ్చి, చూసినవాళ్లెవరని అడిగి, ముగ్గురు కూలీల పేర్లు, తండ్రుల పేర్లు, సొంత ఊరి చిరునామాలు రాసుకున్నారు. ఏం చూశారో చెప్పించుకున్నారు. తర్వాత మేస్త్రీతో పాటు ఇతనూ హైదరాబాదు వెళ్లిపోయాడు, ఫోను నంబరూ మారింది. ఏడాది గడిచాక ఊళ్లో ఉన్న భార్య చేతికి ఒక కానిస్టేబులు ఇంగ్లీషు కాగితం ఇచ్చి, రెండో ప్రతి వెనక సంతకం చేయించుకుని వెళ్లాడు.

ఆ కాగితంలో భర్త పేరుంది. భారతీయ న్యాయ సంహిత 106(1) అనే సెక్షను ఉంది. చివరి వరుసలో వారంటు అనే మాట ఉంది. ఆమె దాన్ని వీధిలో డిగ్రీ చదువుతున్న కుర్రాడికి చూపించింది. అతను ఈ మూడింటినీ కలిపి, "పిన్నీ, బాబాయి మీద కేసయింది, లాయరును చూసుకోవాలి" అన్నాడు. కుర్రాణ్ణి తప్పుపట్టలేం. ఆ ఫారం బ్రిటిష్ కాలపు క్రిమినల్ ప్రొసీజర్ కోడు నుంచి పెద్దగా మార్పు లేకుండా వస్తోంది. మొత్తం కాగితమంతా ఒకే వాక్యం, అందులోనూ అసలు క్రియ చాలా మాటలు దాటాకగానీ రాదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా మొదటిసారి చదివితే బెదిరింపు తప్ప సమాచారం కనిపించదు.

ఇలాంటి కాగితం చేతికొస్తే తేదీ కన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఇందులో తాను సాక్షా, ముద్దాయా? దీనికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. మొదటిది పైనున్న కేసు పేరు. క్రిమినల్ కేసులో ఒక పక్క 'స్టేట్' అని, మధ్యలో 'వెర్సస్' అని, దాని తర్వాత ముద్దాయి పేరు ఉంటాయి. మన తాపీ పనివాడి పేరు అక్కడ లేదు, లారీ డ్రైవరు పేరుంది. పనివాడి పేరు కింద, 'టు' అని రాసి ఎవరికి పంపుతున్నారో చెప్పే చోట ఉంది. పక్కన 'ఎల్.డబ్ల్యూ.3' అనీ ఉంది. పోలీసులు ఛార్జిషీటులో ఇచ్చిన సాక్షుల జాబితాలో మూడో మనిషి అని దాని అర్థం. 106(1) సెక్షను నిర్లక్ష్యం వల్ల మనిషి ప్రాణం పోవడానికి సంబంధించినది, అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అయితే ఆ నేరారోపణ లారీ డ్రైవరు మీద. ఏ కేసు గురించి పిలుస్తున్నారో తెలియడానికి మాత్రమే దాన్ని సాక్షి కాగితంలో రాస్తారు.

రెండో ఆనవాలు వాక్యంలోనే ఉంటుంది. ముద్దాయికి పంపే సమన్లలో, ఫలానా నేరారోపణకు జవాబు చెప్పుకోవడానికి నీ హాజరు అవసరం అని ఉంటుంది. ఇంగ్లీషులో అక్కడ 'ఆన్సర్', 'ఛార్జ్' అనే మాటలు కనిపిస్తాయి. సాక్షికి పంపే సమన్లలో వాటికి బదులు 'ఎవిడెన్స్', 'టెస్టిఫై' అనే మాటలుంటాయి. చదువు తక్కువైన మనిషికైనా ఈ రెండు జతలు చూపించి పెడితే రేపు ఇంకొకరి కాగితం తనే గుర్తుపట్టగలడు. ముద్దాయి సమన్లు అయితే వెంటనే వకీలు కావాలి, అది వేరే దారి. ఇక్కడ నేను సాక్షి కాగితం సంగతే చెబుతాను.

ఇక వాక్యం. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి మారిస్తే, మన కార్యాలయాల అలవాటు తెలుగులో ఇలా తయారవుతుంది: "పై ముద్దాయి పై నేరము చేసినట్లు నా ఎదుట ఫిర్యాదు చేయబడి యున్నందునను, ప్రాసిక్యూషను తరఫున మీరు ముఖ్యమైన సాక్ష్యము నీయగలరని నాకు తోచినందునను, 17-11-2025 తేదీ ఉదయము 10.30 గంటలకు ఈ న్యాయస్థానము ఎదుట హాజరై సదరు విషయమును గూర్చి మీకు తెలిసినది చెప్పవలసినదిగాను, న్యాయస్థానపు అనుమతి లేనిదే అచ్చటి నుండి వెడలిపోరాదనియు ఇందుమూలముగా ఆదేశించడమైనది. తగిన కారణము లేక హాజరగుటకు ఉపేక్షించినను, నిరాకరించినను, మీ హాజరును నిర్బంధముగా పొందుటకు వారంటు జారీ చేయబడునని హెచ్చరించడమైనది."

ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ తాపీ పనివాడికి ఇది ఇంగ్లీషు కన్నా కొంచెమే నయం. కుర్రాడు ఫోనులో అతనికి చెప్పాల్సింది ఇది:

"బాబాయ్, కేసు నీ మీద కాదు. విజయవాడలో మీ బిల్డింగు ముందు లారీ గుద్దింది కదా, ఆ డ్రైవరు మీద కేసు. నువ్వు చూశావని పోలీసులు రాసుకున్నారు కాబట్టి, ఆ రోజు ఏం చూశావో వచ్చి చెప్పమని జడ్జిగారు పిలుస్తున్నారు. నవంబరు 17, సోమవారం, పొద్దున్న పదిన్నరకు. కోర్టు పేరు, కేసు నంబరు ఫొటో తీసి పంపుతున్నాను. అక్కడికి వెళ్లాక వాళ్లు వెళ్లమనేదాకా ఉండాలి. రాలేని కారణం ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. చెప్పకుండా మానేస్తే పోలీసులను పంపి తీసుకురమ్మని కాగితం రాస్తారు."

ఫొటో అన్నది మాట వరసకు కాదు. చాలా చోట్ల ఊళ్లో కాగితం దాచిపెట్టి, ఫోనులో తేదీ ఒక్కటే చెబుతారు. మనిషి విజయవాడ చేరాక, ఒకే ఆవరణలో అంతస్తులు అంతస్తులుగా ఉన్న కోర్టుల్లో ఏ హాలుకు వెళ్లాలో తెలియక మధ్యాహ్నం దాకా తిరుగుతాడు. ఈలోపు ఒక హాల్లో అతని పేరు పిలిచేసి ఉంటారు. అందుకే కాగితం రెండు వైపులా ఫొటో తీసి పంపాలి. మెజిస్ట్రేటు కోర్టు పూర్తి పేరు, 'సి.సి.' అని మొదలయ్యే కేసు నంబరు, ఏ పోలీసుస్టేషను కేసు అన్నది చదవగలిగేలా ఉండాలి. ప్రయాణానికి ముందు services.ecourts.gov.in లో జిల్లా, కోర్టు ఎంచుకుని కేసు నంబరు, సంవత్సరం కొడితే తర్వాతి వాయిదా తేదీ కనిపిస్తుంది. కాగితం నకిలీదేమోనన్న అనుమానం కూడా అక్కడే తీరుతుంది. వాట్సాప్‌లో సమన్లు పంపి డబ్బు కట్టమనేవాళ్లు తయారయ్యారు. సాక్షిని డబ్బు కట్టమని ఏ కోర్టూ అడగదు. అయితే సైటులో వేరే తేదీ కనిపించిందని మాత్రం ప్రయాణం మానుకోకూడదు. కాగితం ఇచ్చిన స్టేషనుకు ఫోను చేసి కోర్టు పనులు చూసే కానిస్టేబులును అడగాలి. ఆయన వద్దంటేనే ఆగాలి.

భార్య సంతకం చేస్తే అది అతనికి అందినట్టేనా అని చాలామంది అడుగుతారు. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడు స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. మనిషి దొరకనప్పుడు కలిసి ఉండే కుటుంబంలోని పెద్దవాళ్లలో ఒకరికి ఇవ్వవచ్చన్న నియమం పాత చట్టంలోనూ ఉండేది. కానీ అక్కడ మగవాళ్లకే ఇవ్వాలని ఉండేది. కొత్త చట్టం ఆ తేడా తీసేసింది. కాబట్టి ఆమె సంతకం చెల్లుతుంది, నాకు అందలేదు అనడానికి వీలుండదు. తీసుకోనంటే ఇంటి తలుపుకు అంటించి పోయినా అందినట్టే లెక్క వేయవచ్చు. అందుకని సంతకానికి భయపడనక్కర్లేదు. సంతకం చేసినంత మాత్రాన ఏ నేరమూ ఒప్పుకున్నట్టు కాదు. కాకపోతే సంతకం పక్కన ఆ రోజు తేదీ వేయడం మరవకూడదు. వాయిదా ముందు రోజో, వాయిదా గడిచిపోయాకో కాగితం చేతికి రావడం అరుదు కాదు. అప్పుడు సంతకం పక్కనున్న తేదీ ఒక్కటే అతని తరఫున మాట్లాడుతుంది, ఎందుకంటే రావడానికి తగినంత ముందుగా అందాకే మానేసిన మనిషి మీద వారంటు వేయాలన్నది నియమం.

ఇప్పుడు నా లెక్కలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టే మాట దగ్గరికి వద్దాం. బెదరగొట్టేది వారంటు అనే మాటే అయినా, ఇబ్బంది పెట్టేది దాని ముందు ఎవరూ పట్టించుకోని చిన్న ముక్క. కోర్టు 'లీవ్' లేకుండా అక్కడి నుంచి కదలకూడదు అన్నది. కుర్రాడు దీన్ని సెలవు అని చదివితే, కోర్టుకు సెలవైతే రానక్కర్లేదు కాబోలు అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ ఆ మాటకు అర్థం అనుమతి. పొద్దున్నే వచ్చి, ఎవరికో ముఖం చూపించి, మధ్యాహ్నం బండి ఎక్కేసిన మనిషి కోర్టు లెక్కలో రాని మనిషే.

ఆ రోజు ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ ముక్క ఎందుకుందో అర్థమవుతుంది. పదిన్నరకు జడ్జిగారు కూర్చోగానే ఆ రోజున్న కేసులన్నిటినీ వరసగా పిలుస్తారు. ఇది సాక్ష్యం చెప్పే సమయం కాదు, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసుకునే సమయం. బంట్రోతు వరండాలోకి వచ్చి పేరు పిలుస్తాడు. మన మనిషి లోపలికి వెళ్లి, వచ్చానండీ అని చెప్పాలి. అంతకు ముందే స్టేషను తరఫు కోర్టు కానిస్టేబులును, ప్రభుత్వం తరఫున కేసు నడిపే వకీలును, అంటే అందరూ ఏ.పి.పి. గారు అని పిలిచే ఆయనను కలిసి ఉంటే మంచిది. తర్వాత బయట కూర్చోమంటారు. ఒక సాక్షి చెబుతుండగా ఇంకో సాక్షి వినకూడదు కాబట్టి హాల్లో ఉండనివ్వరు. వరస ఎప్పుడొస్తుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పదకొండున్నరకు రావచ్చు, భోజనాల తర్వాత నాలుగింటికి రావచ్చు. సరిగ్గా ఈ ఖాళీలోనే, పేరు పిలిచారు కదా, పని అయిపోయిందనుకుని, సాయంత్రం పనికైనా అందుకోవచ్చని మనుషులు వెళ్లిపోతారు. మూడింటికి మళ్లీ పిలిస్తే పలకరు. కాగితం మీద ఆ సాక్షి గైర్హాజరు.

కొన్నిసార్లు జడ్జిగారు సెలవులో ఉంటారు, ముద్దాయి తరఫు వకీలు వాయిదా అడుగుతారు. సాక్షులు వచ్చి కూర్చున్నాక, ప్రత్యేక కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా వాళ్లను విచారించకుండా పంపకూడదని చట్టంలో ఉంది. అయినా పంపే రోజులుంటాయి, ఆ మాట దాచడం అనవసరం. అలా జరిగినప్పుడు తర్వాతి తేదీకి వస్తానని సాక్షి చేత సంతకం చేయించుకోవచ్చు. ఆ సంతకం చేశాక మళ్లీ ఊరికి కాగితం రాకపోయినా ఆ తేదీకి రావలసిందే. అందుకే బయటికి వచ్చేముందు బెంచి క్లర్కును రెండు మాటలు అడగాలి: నేను వెళ్లవచ్చాండీ, మళ్లీ రావాలంటే ఎప్పుడు? 'లీవ్' అనే మాటకు అతని వైపు నుంచి ఆచరణ ఇంతే.

సాక్ష్యం చెప్పడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రమాణం చేయిస్తారు, ముందు ఏ.పి.పి. అడుగుతారు, తర్వాత డ్రైవరు తరఫు వకీలు అడుగుతారు. కాగితం ఇంగ్లీషులో వచ్చినా అతను తెలుగులోనే చెబుతాడు. జడ్జిగారు ఇంగ్లీషులో రాయించినా, దాన్ని అతనికి అర్థమయ్యే భాషలో వినిపించాకే సంతకం తీసుకోవాలి. రాత్రి వెలుతురు ఎంతుందో, లారీ ఏ వైపు నుంచి వచ్చిందో గుర్తు లేకపోతే గుర్తు లేదనడం నేరం కాదు. లారీ యజమాని మనుషులు ముందుగా కలిసి, రాకుంటే ఖర్చులిస్తామంటే, ఆ సంగతి ఏ.పి.పి.కి చెప్పాలి.

వారంటు విషయానికి వస్తే, ఆ వాక్యంలో రెండు షరతులున్నాయి, తొందరలో వాటిని ఎవరూ చదవరు. తగిన కారణం లేకుండా అన్నది మొదటిది. మానేస్తే లేదా రానంటే అన్నది రెండోది. కారణం ఉండి, అది కోర్టుకు తెలిస్తే వెంటనే వారంటు రాదు. మనవాడికి నవంబరు 15న పరంజా మీద నుంచి పడి కాలు విరిగిందనుకుందాం. ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే ఫొటో, కాగితం మీదున్న కేసు నంబరు, తేదీ, తన పేరు కలిపి ఒక దరఖాస్తు తెలుగులోనే రాసి, ఊళ్లో స్టేషను ద్వారానో, ఆ కోర్టు కానిస్టేబులు ద్వారానో, ఎవరినైనా పంపి నేరుగానో కోర్టుకు చేర్చాలి. ఫోనులో చెప్పేశాను అంటే సరిపోదు, ఫైలులోకి ఎక్కేది కాగితమే. కూలి పోతుందన్నది, మేస్త్రీ పంపలేదన్నది కోర్టు దృష్టిలో సాధారణంగా తగిన కారణం కాదు. ఇది కూలివాడికి న్యాయంగా తోచదు, నాకూ తోచదు, కానీ ముందే తెలిసి ఉండటం మేలు.

వారంటు వచ్చినా అన్నీ ఒకటి కాదు. సాక్షి మీద మొదట వచ్చేది మామూలుగా బెయిలబుల్ వారంటు. దాని మీదే ఎంత మొత్తానికి పూచీ ఇస్తే వదిలిపెట్టాలో రాసి ఉంటుంది. పోలీసులు పట్టుకుని, బాండు రాయించుకుని, ఫలానా తేదీకి వస్తానని ఒప్పించి వదిలేస్తారు. దానికీ రాకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు. అది వేసినప్పుడు తప్పించుకు తిరగడం కన్నా నేరుగా కోర్టుకు వెళ్లి, కారణం చెప్పి, రద్దు చేయమని దరఖాస్తు ఇవ్వడమే సులువైన దారి. మానేసిన సాక్షికి ఆ కోర్టే అతని సంజాయిషీ విని 500 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. విడిగా కేసు పెట్టే సెక్షను కూడా ఉంది. కానీ కూలివాడికి అసలు నష్టం ఆ అయిదు వందలు కాదు, వారంటు పట్టుకుని పోలీసులు పని దగ్గరికి రావడం. ఆ తర్వాత అతన్ని ఏ మేస్త్రీ పనిలోకి పిలుస్తాడు?

చివరగా డబ్బు. ఈ కాగితంలో దాని గురించి ఒక్క ముక్క ఉండదు కాబట్టి తెలుగు చేసేవాళ్లు కూడా చెప్పరు. హైదరాబాదు నుంచి వచ్చి వెళ్లే ఖర్చు, కనీసం రెండు రోజుల కూలి అతను పోగొట్టుకుంటున్నాడు. కోర్టుకు వచ్చిన సాక్షికి ప్రభుత్వం తరఫున తగిన ఖర్చులు ఇప్పించే అధికారం క్రిమినల్ కోర్టుకు ఉంది. నాగరిక్ సురక్షా సంహితలో అది 350వ సెక్షను. కోర్టుల్లో దీన్ని బత్తా అంటారు. ఇప్పించవచ్చు అని ఉంది గానీ ఇప్పించి తీరాలని లేదు. రాష్ట్ర ప్రభుత్వ నియమాల్లో ఉన్న రేట్ల ప్రకారమే ఇస్తారు, పోయిన కూలి అంతా తిరిగి వస్తుందని ఆశ పెట్టకూడదు. అయినా అడగాలి, అదీ ఆ రోజే, సాక్ష్యం అయ్యాక, హాల్లోంచి బయటికి రాకముందే. రైలు టికెట్టు, బస్సు టికెట్టు పారేయకుండా ఉంచుకోవాలి. ఎలా అడగాలో తెలియకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, 15100కు ఫోను చేసినా చెబుతారు. సాక్షికి మామూలుగా వకీలు అవసరం లేదు, ఈ సాయం సరిపోతుంది.

బత్తాతో పాటే ఫలానా తేదీన కోర్టుకు వచ్చాడని ఒక ధ్రువపత్రం అడగాలి. మేస్త్రీకి చూపించడానికి అది పనికొస్తుంది. బెంచి క్లర్కు దగ్గర ఉన్నప్పుడే తన ఇప్పటి చిరునామా, కొత్త ఫోను నంబరు కేసు ఫైలులో రాయించాలి. అలా చేస్తే మళ్లీ రమ్మనవలసి వచ్చినప్పుడు కాగితం పలాసకు కాకుండా నేరుగా అతనికే వస్తుంది.